2024–25 వార్షిక నివేదిక: విదేశీ కొనుగోలుదారుల కోసం మన నేత వివరాల అనువాదం

గౌరవ సభ్యులకు కార్యదర్శి నమస్కారాలు. మంగళగిరి మగ్గాల మీద దిగే చీరలు, పంచెలు, తాను బట్టల వివరాలను ఇంగ్లీషులో పెట్టి, దళారీ లేకుండా విదేశాలకు అమ్ముకునేలా చేయాలన్న మన సంఘం ఉద్దేశం మీ అందరికీ తెలిసినదే కనుక దాన్ని మళ్ళీ వివరించడం లేదు. ఈ ఏడాది మన సమయమంతా అనువాదంలో దొర్లిన కొలతల తప్పులను వెతకడానికీ, సరిదిద్దడానికీ పట్టింది. కొత్త సరుకు వివరాలు అనుకున్నన్ని పెట్టలేకపోవడానికి కారణం అదే.

ఈ పని మొదలవడానికి కారణమైన పంచెల వ్యవహారాన్ని ముందుగా సభ్యుల దృష్టికి తెస్తున్నాను. మన నేతగాళ్ళలో పెద్దవారు ఇప్పటికీ చీటీ మీద పొడవును మూరల్లోనే రాస్తారు. ఒక చీటీ మీద “పంచె, 8 మూ.” అని ఉంది. అనువాదానికి కూర్చున్న మన కుర్రవాడికి ఆ పొట్టి అక్షరం అర్థం కాక పక్కవారిని అడిగితే, “గజాల లెక్కేలే” అని జవాబు వచ్చింది. అతను ఎనిమిది గజాలని రాసేశాడు. బ్రిటన్‌లో ఉన్న ఒకావిడ కిటికీ తెరలు కుట్టించుకోవడానికి మూడు పంచెలు తెప్పించుకున్నారు. ఆవిడ లెక్కలో మొత్తం ఇరవై నాలుగు గజాల బట్ట రావాలి, వచ్చింది పన్నెండు గజాలు. మూర అంటే పద్దెనిమిది అంగుళాలు, గజం అంటే ముప్ఫై ఆరు, కాబట్టి ఎనిమిది మూరల పంచె సరిగ్గా నాలుగు గజాలే. పంపిన సరుకులో లోపమేమీ లేదు, కొలత పేరు ఒక్కటే మారింది. వెనక్కి తెప్పించుకుంటే రవాణా ఖర్చు సరుకు విలువను మించిపోతుందని తేలడంతో, క్షమాపణ చెప్పి సగం సొమ్ము తిరిగి ఇచ్చాం. తెరలకు సరిపోని ఆ బట్టను ఆవిడ ఏం చేసుకున్నారో తెలియదు గానీ, మళ్ళీ మన దగ్గర కొనలేదు.

ఆ తప్పు మన పేజీ మీద చాలా రోజులు అలాగే ఉండిపోయింది. దాన్ని పట్టుకునే ఆధారం అదే పేజీలో పక్కనే ఉన్నా ఎవరూ చూడలేదు. పంచె బరువు 350 గ్రాములనీ, పన్నా 127 సెంటీమీటర్లనీ అక్కడే రాసి ఉంది. ఎనిమిది గజాలంటే ఏడు మీటర్లకు పైమాటే కనుక, ఆ పన్నాతో బట్ట తొమ్మిది చదరపు మీటర్లు దాటుతుంది, అంటే చదరపు మీటరుకు 38 గ్రాములు కూడా రాదు. నలభై నంబరు నూలుతో నేసిన మన పంచె అంత పలచగా ఉంటే గాయానికి చుట్టే గుడ్డలా ఉండాలి. నాలుగు గజాలకు లెక్కవేస్తే 75 గ్రాములు వస్తుంది, అదే సరైన తూకం. అప్పటి నుంచి ప్రతి వివరానికీ బరువును వైశాల్యంతో భాగించి చూడడం నియమంగా పెట్టుకున్నాం. ఈ ఒక్క లెక్కతోనే మరికొన్ని పాత పేజీల్లో మూరలు గజాలైన సంగతి బయటపడింది. సరిదిద్దిన పంచె వివరం ఇప్పుడు ఇలా ఉంది:

```
Dhoti, one piece
Length: 365 cm / 4 yd
Width: 127 cm / 50 in
Weight: 350 g
```

నాలుగు గజాలు నిజానికి 365.76 సెంటీమీటర్లు. మీటర్లలోకి మార్చేటప్పుడు కొసను ఎప్పుడూ కిందికే వదలాలని తీర్మానించాం, ఎందుకంటే చెప్పినదానికన్నా వేలెడు ఎక్కువ వస్తే ఎవరూ ఫిర్యాదు చేయరు. చీరల విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. రవికె గుడ్డతో కలిపి 6.3 మీటర్లని ఒకే అంకె వేస్తే, కొన్నవారు కట్టుకునే చీరే అంత పొడవనుకుంటున్నారు. అందుకే చీర 5.5 మీటర్లు, రవికె గుడ్డ 80 సెంటీమీటర్లు అని వేర్వేరుగా రాస్తున్నాం. దశాంశ బిందువు విషయంలోనూ జాగ్రత్త కావాలి. జర్మనీ వంటి దేశాల్లో బిందువు స్థానంలో కామా, కామా స్థానంలో బిందువు వాడతారు కనుక, అక్కడి పేజీలో మన అలవాటు ప్రకారం 1,250 గ్రాములని వేస్తే ఒకటింపావు గ్రాము అన్నట్టు చదువుకుంటారు. కామా అసలు వేయకుండా 1250 అని రాయడమే క్షేమం.

కొలతే తప్పయితే అనువాదం ఎంత బాగున్నా లాభం లేదు. మగ్గం మీద బట్ట బిగువుగా లాగి ఉంటుంది, కోసి దించాక కాస్త కుదించుకుంటుంది, మొదటి ఉతుకులో ఇంకొంచెం తగ్గుతుంది. మగ్గం మీద చూసిన పన్నాను అలాగే రాసినందువల్ల వచ్చిన ఫిర్యాదులు మన దస్త్రంలో ఉన్నాయి. ఇప్పుడు దించి ఒక రోజు మడత విప్పి ఉంచిన బట్టను బల్ల మీద లాగకుండా పరిచి, పన్నాను రెండు కొసల దగ్గరా, నడిమినా ఉక్కు టేపుతో కొలిచి, మూడింటిలో తక్కువ వచ్చినదాన్నే నమోదు చేస్తున్నాం.

నూలు నంబరు విషయం సభ్యులు ప్రత్యేకంగా గమనించాలని కోరుతున్నాను. మనం “80 నంబరు” అంటే నూలు సన్నదనం. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎనభై వస్తే అది ఎనభై నంబరు, కాబట్టి అంకె పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. మన అనువాదకులు దీన్ని “80 థ్రెడ్ కౌంట్” అని రాశారు. ఆ మాటకు అర్థం వేరు. చదరపు అంగుళంలో పడుగు పోగులు ఎన్ని, పేక పోగులు ఎన్ని అని లెక్కపెట్టి, రెండూ కలిపితే వచ్చే సంఖ్య అది. విదేశాల్లో దుప్పట్లు కొనే అలవాటున్నవారికి ఈ మాట బాగా తెలుసు, రెండు వందల పైన ఉన్నవాటినే మంచివిగా ఎంచుకుంటారు. అలాంటివారు ఎనభై అని చూస్తే గోనెపట్టాలాంటి ముతక బట్ట అనుకుని పేజీ దాటిపోతారు. ఎంతో సన్నని నూలుతో నేసిన చీరను మన చేతులతో మనమే నాసిరకంగా చూపించినట్టయింది. భూతద్దం పెట్టి ఒక చీరలో లెక్కపెడితే అంగుళానికి పడుగు 84, పేక 76 పోగులు వచ్చాయి, అంటే కలిపి 160. ఇకమీదట నూలు నంబరును నూలు నంబరుగానే, అది సన్నదనమని ఒక వాక్యంతో కలిపి రాయాలి. పోగుల సాంద్రత చెప్పదలిస్తే లెక్కపెట్టి విడిగా ఇవ్వాలి.

కుట్టిన కుర్తాలకు “40” అని వేస్తున్నాం. ఇది మనకు అంగుళాల్లో ఛాతీ కొలత, దాదాపు 101 సెంటీమీటర్లు. జర్మనీలో ఆడవారి దుస్తుల మీద 40 అంటే ఛాతీ 92 సెంటీమీటర్ల దరిదాపులో ఉన్నవారికి సరిపోయేదని అర్థం. అంకె ఒకటే, మనిషి వేరు. కుర్తాను పరిచి చంక కింద అడ్డంగా కొలిచిన వెడల్పును సెంటీమీటర్లలో ఇస్తూ, అది ఒంటి కొలత కాదు, బట్ట కొలత అని స్పష్టంగా రాస్తున్నాం.

మన పలుకుబడుల దగ్గర వచ్చిన చిక్కులు కొలతలకన్నా లోతైనవి. “చలువ పంచె” అంటే ఉతికి తెల్లగా ఇస్త్రీ చేసిన పంచె అని ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. ఇంగ్లీషులో అది ఒంటికి చల్లదనమిచ్చే ప్రత్యేకమైన బట్ట అయిపోయింది. “అగ్గిపెట్టెలో పట్టే చీర” అని సన్నదనాన్ని పొగడడం సిరిసిల్ల నేతగాళ్ళ పనితనం వల్ల మనందరి నోళ్ళలో నాటుకున్న మాటే అయినా, ఆ చీర వేరు, మనం అమ్మే చీర వేరు. ఆ మాటను యథాతథంగా రాసినందుకు, ఇది అగ్గిపెట్టెలో పట్టడం లేదని ఒక కొనుగోలుదారు ఫొటో తీసి పంపారు. అది పూర్తిగా మన తప్పే. అన్నిటికన్నా ఎక్కువ చర్చ “ఉల్లిపొర రంగు” మీద జరిగింది. మన ఉల్లిగడ్డ పైపొర లేత గులాబీలో ఊదా కలిసినట్టు ఉంటుంది. వారి అంగళ్ళలో ఎక్కువగా దొరికే ఉల్లిగడ్డ పొర పసుపు కలిసిన గోధుమ రంగు. ఆ రంగే అనుకుని తెప్పించుకున్నవారు గులాబీ చీర వచ్చిందని ఆశ్చర్యపోవడం సహజం. నెమలికంఠాన్ని కూడా పక్షి మెడగా అనువదించడం మానేసి, నీలం, ఆకుపచ్చ పోగులు కలిసి వెలుతురుకు మారి కనిపించే రంగుగా వివరిస్తున్నాం. రంగు పేరును వదులుకోవద్దని పలువురు పెద్దలు పట్టుబట్టారు, నా అభిప్రాయమూ అదే. అందుకని తెలుగు పేరును తెలుగు పేరుగానే ఉంచి, పక్కన రంగును విడమరచి రాస్తున్నాం.

ఈ ఏడాది మనమంతా గర్వించదగిన రోజు ఆగస్టు 7, జాతీయ చేనేత దినోత్సవం. 1905లో అదే రోజున మొదలైన స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా 2015 నుంచి దేశమంతటా జరుగుతున్న ఆ పండుగను మనం సభలతో కాక కొలతలతో జరుపుకున్నాం. పొద్దున్నే పెద్ద బల్లలు వేసి, మగ్గాల నుంచి దించిన సరుకు తెచ్చి, ఒకరు కొలిస్తే ఒకరు రాస్తూ, మూడోవారు ఇంగ్లీషు పేజీని తెలుగులో తిరిగి చెబుతూ సాయంత్రం దాకా కూర్చున్నాం. ఆ మూడోవారికి తెలుగు చీటీ చూపించలేదు. వారు తిరిగి చెప్పిన తెలుగు చీటీతో కలవకపోతే ఆ పేజీని పక్కన పెట్టాం. డెబ్భై దాటిన ఒక నేతగాడు మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా తన మూరను బల్ల మీద ఆనించి ఉక్కు టేపుతో సరిచూసుకున్నప్పుడు, అది పద్దెనిమిది అంగుళాలకు ఒక నూలు పోగంత తేడా కూడా లేకపోవడం చూసి అక్కడున్నవారంతా చప్పట్లు కొట్టారు.

ఆ రోజు బల్లలిచ్చిన కల్యాణ మండపం వారికి, భోజనాలు పెట్టిన మహిళా సభ్యులకు, లెక్కలన్నీ సరిచూసిన విశ్రాంత గణిత ఉపాధ్యాయులకు, ఆస్ట్రేలియా నుంచి రాత్రిళ్ళు మేలుకొని ప్రతి పేజీనీ కొనేవారి కళ్ళతో చదివి పెట్టిన మన ఊరి ఆడపడుచుకు సంఘం తరఫున హృదయపూర్వక ధన్యవాదాలు. అనువాదానికి పేరు ఇచ్చి ఒక్కరోజు కూడా రానివారి విషయం మాత్రం బాధతో ప్రస్తావించక తప్పదు. వస్తామన్నవారి పని కూడా వచ్చిన నలుగురి మీదే పడింది, తిరిగి చదివే మనిషి లేని రోజుల్లో పెట్టిన పేజీల్లోనే తప్పులు మిగిలాయి. కొలతల పట్టిక నమూనా కోరుతూ సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు ఉత్తరం రాశాం, ఒకసారి స్వయంగా వెళ్ళాం. ఇంతవరకు జవాబు లేదు.

జమాఖర్చులు కోశాధికారి సంతకంతో విడిగా అందజేశాం. ఉక్కు టేపులు, తూకం యంత్రం, భూతద్దం, పంచెల సొమ్ము వాపసు తప్ప చెప్పుకోదగిన ఖర్చు లేదు.

గజాలా మూరలా తేలని పాత చీటీలు ఇంకా ఒక కట్ట మిగిలి ఉన్నాయి. ఆ సరుకు నేసినవారు సమావేశం రోజున వాటిని చూసి, ఏ కొలతో చీటీ మీదే పూర్తి మాటలో రాసి సంతకం చేయవలసిందిగా కోరుతున్నాను. అంతవరకు ఆ పేజీలను అమ్మకం నుంచి తీసి ఉంచాం.

ఇట్లు,
కార్యదర్శి