ఫ్లాసిడ్ అంటే వాడిపోవుడు: విజయవాడలో నాకు తోడున్నోళ్లకు

నిన్న నల్గొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి అడ్మిషన్ పూర్తి చేసుకొని వచ్చాను. స్టేటస్ పెట్టినప్పటి నుంచి "కంగ్రాట్స్ డాక్టరమ్మా" అని మెసేజీలు వస్తనే ఉన్నయి. అందరికీ థాంక్స్. కానీ ఆ మెసేజీలు పెట్టనివాళ్లు, అసలు ఈ పోస్టు చూస్తరో లేదో తెలియనివాళ్లు ముగ్గురు నలుగురు ఉన్నారు. ఇది వాళ్ల కోసం.

మాది దేవరకొండ దగ్గర పల్లె. పది దాకా ఊరి సర్కారు బడి, ఇంటర్ బైపీసీ దేవరకొండలో, అంతా తెలుగు మీడియం. మొదటిసారి నీట్‌లో సీటు రాలే. నాయిన పత్తి అమ్మిన పైసలతో విజయవాడలో లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేర్పించిండు. నల్గొండ, సూర్యాపేట, కోదాడ మీదుగా పోయే బస్సులో ట్రంకు పెట్టె మీద కాళ్లు పెట్టుకొని కూర్చున్న. కృష్ణ బ్యారేజీ చూడగానే నాయిన "మన సాగర్ నీళ్లే బిడ్డా ఇవి" అన్నడు, నాకు ధైర్యం చెప్పాలని. నాకైతే అది కూడా వేరే దేశం లెక్కనే అనిపించింది.

మొదటి రాత్రి మెస్‌లో "పెద్దమ్మా, ఆనిగెపుకాయ కూర ఇంకొంచెం వెయ్యరా" అన్న. లైన్లో ఉన్నోళ్లంతా నవ్విన్రు. ఆమె మాత్రం గరిటె పట్టుకొని "ఇది సొరకాయ కదమ్మా, మీ ఊళ్లో ఏవంటారూ?" అని మళ్లీ చెప్పించుకుంది. అప్పటి నుంచి సొరకాయ వండినప్పుడల్లా నన్ను చూసి "ఇదిగో నీ ఆనిగెపుకాయ" అనేది. పెద్దమ్మా, స్టడీ అవర్ లేటయిన రాత్రుళ్లు నాకోసం గిన్నె మూతపెట్టి ఉంచినందుకు మీకు దండాలు.

అదే కాయకు రెండు పేర్లుండుడే నా అసలు రోగం అని తెలియడానికి సెప్టెంబరు దాకా పట్టింది.

క్లాసులు, టెస్టులు అన్నీ ఇంగ్లిషులో. ఆదివారం గ్రాండ్ టెస్టులో 171 ప్రశ్నలు చేస్తే 92 కరెక్టు, 79 తప్పు. కరెక్టుకు నాలుగు చొప్పున 368, అందులోంచి తప్పుకు ఒకటి చొప్పున 79 పోతే 289. ఏడు వందల ఇరవైకి! మార్కులను బట్టి సెక్షన్లు మార్చి నన్ను చివరి సెక్షన్‌లో వేసిన్రు. అక్కడ డౌట్ క్లాసు ఉన్నదంటే ఉన్నది, లేదంటే లేదు. ఆ కోచింగ్ పేరు రాయను గానీ, ఫీజు మాత్రం అన్ని సెక్షన్లకూ ఒక్కటే.

ఆ రాత్రి వార్డెన్ ఫోన్‌లో నా వంతు పది నిమిషాలు. "నాయినా, నేనొస్త" అన్న. కొట్లాడ్తడనుకున్న. "బస్సుకు పైసలున్నయా?" అన్నడు, అంతే. వద్దనలేదు, రమ్మనలేదు. ఫోన్ పెట్టేసి ఏడుస్తుంటే నా రూమ్‌మేట్, తెనాలి పిల్ల, నా చేతిలోంచి టెస్టు పేపరు గుంజుకుంది.

"ఏడవటం తర్వాత. ముందు ఇవి ఎందుకు తప్పాయో చూద్దాం" అని 79 ప్రశ్నలూ ఒక్కొక్కటే నాతో మళ్లీ చేయించింది. ఒక ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తు. పత్రరంధ్రం పక్కనున్న రక్షక కణాలు ఫ్లాసిడ్ అయితే ఏమవుతుందని అడిగిన్రు. తెరుచుకుంటుందని పెట్టిన. "ఫ్లాసిడ్ అంటే తెలుసా?" అంది. తెల్వదు. టర్జిడ్, ఫ్లాసిడ్ రెండూ నాకు ఒక్కలాంటి చప్పుళ్లే. ఆమె చున్నీ కొసను వేలాడేసి "ఇలా, మెత్తబడి" అంది. "వాడిపోయిన తోటకూర లెక్కనా? శ్లథం అంటరు మా బుక్కుల" అన్న. "వాడిపోతే రంధ్రం ఏవవుద్ది?" "మూసుకుంటది. నీళ్లెక్కి ఉబ్బితేనే కదా తెరుచుకునేది." ఆమె పేపరు పక్కకు పెట్టి నన్ను చూసింది. "నీకు పాఠం వచ్చుగా!"

అట్లా పన్నెండు దాటేదాకా లెక్క తీసినం. పాఠం తెలిసి, ఇంగ్లిషు మాట తెలియక తప్పినవి 31. పాఠమే రానివి 28. లెక్కలో తొందరపడ్డవి 20. తప్పు ఒక్కటి కరెక్టయితే పెరిగేది నాలుగు కాదు, ఐదు. పోయే ఒకటి కూడా మిగులుతది కదా. అంటే ఆ 31 మాటల మీద నేను పోగొట్టుకున్నది 155. కొత్త పాఠం ఒక్కటి చదవకుండానే నా దగ్గర 444 ఉన్నయన్నమాట. బస్సు టికెట్ సంగతి ఆ రాత్రితోనే మర్చిపోయిన.

తెల్లారి పెద్ద రూళ్ల పుస్తకంలో మూడు గడులు గీసినం. మొదటి గడిలో ఇంగ్లిషు మాట, రెండో గడిలో తెలుగు అకాడమీ మాట, మూడో దాంట్ల ఇంట్ల మాట. ఫ్లాసిడ్, శ్లథం, వాడిపోవుడు. రీనల్ ఆర్టరీ, వృక్క ధమని, మూత్రపిండానికి రక్తం తెచ్చే గొట్టం. రోజుకు పన్నెండు మాటలు, అంతకు మించి రాయనిచ్చేది కాదు. నేర్చుకున్న మాటలు పాత టెస్టు పేపర్లలో ఎక్కడున్నయో వెతికి గుండ్రంగా గీత పెట్టాలె. ఆ పని లేకుంటే మాట రెండు రోజులకే పోయేది.

ఇది ఒక్కవైపు సాయం కాదని ఆమె కూడా ఒప్పుకుంటది. మైటోసిస్, మియోసిస్ ఆమెకు ఎప్పుడూ తారుమారయ్యేవి. నాకెప్పుడూ కాలేదు, ఎందుకంటే నేను చదివింది సమవిభజన, క్షయకరణ విభజన. ఒకదాంట్ల క్రోమోజోముల సంఖ్య సమానంగా ఉంటది, ఇంకోదాంట్ల క్షీణించి సగమైతది. పేరులోనే జవాబుంది. ఆ రెండు మాటలు ఆమె అట్ట మీద తెలుగులోనే రాసుకుంది.

అప్లికేషన్ నింపేటప్పుడు ఇంకో గండం. భాష దగ్గర ఏది పెట్టాలె? ఇంగ్లిషు పెట్టమని అందరూ అన్నరు. ఫిజిక్స్ సార్ ఒక్కరే ఆగమన్నరు. "తెలుగు పెడితే బుక్‌లెట్‌లో తెలుగు, ఇంగ్లిషు రెండూ ఉంటయ్. ఇంగ్లిషులో చదువు, అడ్డం పడ్డచోట తెలుగు చూడు. రెంటికీ తేడా వస్తే ఇంగ్లిషుదే చెల్లుద్ది, అది గుర్తుంచుకో. సెంటర్ మాత్రం తెలంగాణలోనో ఆంధ్రలోనో పెట్టాలి." మే నెల పరీక్షలో 180 నిమిషాల్లో నేను తెలుగు వైపు చూసింది పది పన్నెండు సార్లే. రెండూ ప్రతిసారీ చదివితే టైం సాలదు. ఫిజిక్స్ అందర్నీ ఏడిపించింది, నన్ను కూడా. బయాలజీలో మాట తెలియక వదిలిన ప్రశ్న మాత్రం ఒక్కటి కూడా లేదు. సార్, మీరు నా సెక్షన్ సార్ కూడా కాదు. కారిడార్‌లో నిలబెట్టి చెప్పిన్రు.

దేవరకొండ కాలేజీ జువాలజీ సార్‌కు కూడా దండాలు. పదయినంక మా మామ నన్ను ఇంటర్‌కే విజయవాడ పంపుదామంటే, "ఇంటర్ ఇక్కడే రాయనీయుండ్రి, లేకుంటే లోకల్ పోతది" అని ఆపింది ఆయనే. తొమ్మిది నుంచి ఇంటర్ సెకండియర్ దాకా నాలుగేళ్లు నేను తెలంగాణలోనే చదివిన కాబట్టి కౌన్సెలింగ్‌లో లోకల్ దగ్గర నాకు అడ్డం రాలే. తర్వాత లాంగ్‌టర్మ్ ఏడాది బయట చదివినా ఏం కాలే. ఇంటర్ కూడా అక్కడే చదివిన మా జిల్లా పిల్ల ఆ రోజుల్ల పడ్డ టెన్షన్ నేను కండ్లార చూసిన.

తెనాలి పిల్లకు ఈసారి సీటు రాలే. మళ్లీ అదే హాస్టల్‌లో ఉంది. పోయిన ఆదివారం ఆమె పది నిమిషాల్లో నాకు ఆరు నిమిషాలు ఇచ్చింది. మా తోట బత్తాయిలు ఒక సంచి బస్సులో వేస్తున్న, పెద్దమ్మకు సగం ఇవ్వాలె.

మూడు నోట్‌బుక్కులు జువాలజీ సార్ దగ్గర పెట్టిన. తెలుగు మీడియం నుంచి లాంగ్‌టర్మ్ పోయేటోళ్లు అడిగి జిరాక్స్ తీసుకోండ్రి. రాత కొంచెం గలీజ్ ఉంటది. మూడో గడి మన యాసలోనే ఉంది, అర్థమైతది.