‘వచ్చిండు’ తప్పు కాదు

తెలంగాణ పిల్లలు ‘వచ్చిండు’ అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసి మార్కులు తీసేయడం ఆపాలి. ఐదో తరగతి చదివే మా మనవరాలి నోటుబుక్కులో ఆ మాట పక్కన ‘భాష తప్పు’ అని ఉంది. పాత రూపం ‘వచ్చినాడు’. రాయలసీమలో ఇప్పటికీ అలాగే అంటారు. తెలంగాణలో ‘నా’లోని ‘ఆ’ పోయి ‘వచ్చిండు’ అయింది, కోస్తాలో ‘న’కారం పోయి ‘వచ్చాడు’ అయింది. ‘చేసినాడు’ కూడా ఇలాగే ‘చేసిండు’, ‘చేశాడు’గా చీలింది. అంటే రెండూ ఒకే తల్లి పిల్లలు, రెండింటికీ నియమం ఉంది. కృష్ణా, గోదావరి ప్రాంతాల్లో చదువుకున్నవారి మాట పత్రికలకూ పాఠ్యపుస్తకాలకూ ఎక్కింది కాబట్టి అది ప్రమాణమైంది, అంతే. ఆ జిల్లాల్లో కూడా ‘వెళ్తున్నాడు’ అని రాసి ‘ఎల్తన్నాడు’ అని పలికేవాళ్లు బోలెడుమంది. అందరికీ అర్థమయ్యే రాత రూపం ఒకటి కావాలి, దాన్ని పిల్లలు నేర్వాల్సిందే. కానీ ఇంటి మాటను తప్పంటే పిల్ల రాయడానికే భయపడుతుంది; మా మనవరాలు ఇప్పుడు సొంతంగా రెండు వాక్యాలు రాయమన్నా టెన్షన్ పడుతోంది. ఐదో తరగతి దాకా మార్కులు కోయకుండా, ఆ మాట చుట్టూ సున్నా చుట్టి పక్కన ‘పుస్తకంలో: వచ్చాడు’ అని రాయమని విద్యాశాఖ ఉపాధ్యాయులకు చెప్పాలి.