నేను సెలవులో ఉన్నప్పుడు మా ఒకటి, రెండు తరగతులను నిలబెట్టిన వారందరికీ కృతజ్ఞతలు

అమ్మ మోకాలి ఆపరేషన్ కోసం సెలవు పెట్టి వెళ్లి, ఈ వారమే తిరిగి బడికి వచ్చాను. అమ్మ ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తోంది. నేను లేనన్నాళ్లూ మా పిల్లల చదువు, తిండి, రాకపోకలు ఎక్కడా తప్పలేదు. దాని వెనుక చాలామంది చెయ్యి ఉంది. వాళ్లకు పదిమందిలో ధన్యవాదాలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. నా బదులు వచ్చే టీచర్ కోసం అప్పగింత ఫైలు ఎలా తయారు చేశామో కూడా వివరంగా చెబుతాను. చిన్న తరగతులు చెప్పే టీచర్లలో ఎవరికో ఒకరికి రేపు ఇదే అవసరం పడుతుంది.

మాది ఇద్దరు టీచర్లున్న ఊరి బడి. మూడు, నాలుగు, ఐదు తరగతులు హెచ్ఎం మేడమ్ చూస్తారు. ఒకటి, రెండు తరగతులు నావి, రెండూ ఒకే గదిలో. ఒకటిలో 13 మంది, రెండులో 18 మంది. పని సర్దుబాటు కింద పక్క ఊరి నుంచి ఒక సార్ వస్తారని తెలిసింది. ఆయన ఇన్నాళ్లూ పై తరగతులకే చెప్పారు. ఆరేళ్ల పిల్లలు కొత్త మనిషి కనిపించిన మొదటి పావుగంటలోనే ఏడుపో, అల్లరో మొదలుపెడతారు. అందుకే పాఠాల కంటే ముందు ఆ పావుగంట గురించి ఆలోచించమని చెప్పింది మా హెచ్ఎం మేడమ్. ఫైలు మొదటి పేజీ పూర్తిగా మేడమ్ సలహాతోనే తయారైంది.

సార్ తొమ్మిదింటికి వచ్చేసరికి పిల్లలు గదిలో ఉంటారు. ఫైలంతా చదివే తీరిక ఆయనకు దొరకదు. అందుకని ఐదు నిమిషాల్లో చదవగలిగినవి మాత్రమే మొదటి పేజీలో పెట్టాం: బీరువా తాళం ఎక్కడుంది, హాజరు ఎప్పుడు వెయ్యాలి, ఎవరి ఆరోగ్యం జాగ్రత్తగా చూడాలి, సాయంత్రం ఎవరు ఎవరితో ఇంటికి వెళతారు. ఆయాసం వచ్చే బాబు మందు పీల్చే పంపు వాడి బ్యాగు ముందు జేబులో ఉంటుందని, ఎలా వాడాలో వాళ్లమ్మ దగ్గరుండి చూపిస్తుందని రాశాం. ఒక పాపకు మూర్ఛ వస్తుంది. ఆ వరుసను మేడమ్ ఎర్ర పెన్నుతో రాయించారు: 'పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, చుట్టూ ఉన్న వస్తువులు జరపాలి, నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళాలు పెట్టొద్దు, గడియారం చూడాలి, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యాలి.' ఊళ్లో తాళాల నమ్మకం గట్టిగా ఉంది కాబట్టి ఆ మాట విడిగా రాయాల్సి వచ్చింది. ఈ పేజీ గోడకు అంటించలేదు. పిల్లల జబ్బుల సంగతి అందరి కళ్లా పడకూడదు. ఫైల్లోనే, సార్ చేతిలోనే ఉంది.

ఇంటికి వెళ్లే జాబితాను మూడు గుంపులుగా చేశాం. ఐదో తరగతి అక్కతోనో అన్నతోనో నడిచి వెళ్లేవాళ్లు, ఆటోలో వెళ్లేవాళ్లు, ఇంటి నుంచి పెద్దవాళ్లు వస్తే తప్ప వెళ్లకూడనివాళ్లు. మూడో గుంపులో ప్రతి పేరు పక్కన వచ్చేది అమ్మమ్మా, నాన్నా, బాబాయా రాశాం. జాబితాలో లేని మనిషి వస్తే, పిల్లవాడు గుర్తుపట్టి పరుగెత్తినా సరే, మేడమ్‌ను అడగకుండా పంపొద్దు. ఈ వివరాలు కూర్చోబెట్టి చెప్పిన తల్లులందరికీ దండాలు.

రోజువారీ అలవాట్ల పేజీకి సాయం చేసింది రిటైరైన మా మాస్టారు. ఆయన ఒకటే మాట అన్నారు: "ఆ పేజీ నువ్వు రాయకమ్మా, పిల్లల్ని చెప్పమను." సరేనని రెండో తరగతి వాళ్లను అడిగాను. కొత్త సార్ వస్తే మీరేం చెబుతారు అంటే, నాకు తట్టనివి ఎన్నో చెప్పారు. పలకలు పంచేది కిటికీ పక్క వరుసవాళ్లే అని, మంచినీళ్లకు ఇద్దరు కలిసే వెళ్లాలని, టీచర్ మూడు చప్పట్లు కొడితే మేం రెండు కొట్టి చేతులు కట్టుకుంటామని. ఒంటికి వెళ్లేటప్పుడు తలుపు పక్క మేకుకున్న చెక్కబిళ్ల తీసుకుని వెళతారు, వచ్చాక మళ్లీ తగిలిస్తారు. బిళ్ల మేకుకు లేదంటే ఎవరో బయట ఉన్నారన్నమాట. అది తెలియని మనిషికి, ఐదుగురు ఒకేసారి వేలు చూపిస్తే ఏం చెయ్యాలో తోచదు. పిల్లలు చెప్పినదాన్నే చిన్న వాక్యాలుగా, సార్ అనాల్సిన మాటలతో సహా రాశాను.

భోజనం సంగతి వంట చేసే అక్క చెప్పింది. గుడ్డు తిననివాళ్లు ఎవరు, కారం పడనివాళ్లు ఎవరు, సిగ్గుతో రెండోసారి అడగనివాళ్లు ఎవరు. ఆ చివరి జాబితా నా దగ్గర కూడా లేదు. అక్కకు మాత్రం నోటికి వచ్చు.

సీటింగ్ ప్లాన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మాస్టారి సలహాతో బోర్డును కాగితం కింది అంచున గీశాను. సార్ బోర్డు దగ్గర పిల్లలకు ఎదురుగా నిలబడి కాగితం పట్టుకుంటే, కాగితంలో ఎడమ పక్క ఉన్న పిల్లలు ఆయన ఎడమ పక్కే ఉంటారు. బోర్డును పైన గీస్తే అంతా తారుమారు, ఒకరి పేరుతో ఇంకొకరిని పిలుస్తారు. పేర్లన్నీ పెన్సిల్‌తోనే, ఎందుకంటే నెలకోసారైనా మారుస్తాం. రెండో తరగతి బెంచీల మీద, ఒకటో తరగతి చాపల మీద. కారణం ఉన్న సీట్లకే పక్కన కారణం రాశాను: 'ఎడమ చెవి సరిగా వినపడదు, గోడకు ఎడమ చెవి ఆనేలా కూర్చోబెట్టాలి', 'అద్దాలు మరిచిపోయి వస్తాడు, ముందు బెంచీ', 'వీళ్లిద్దరినీ విడదీయొద్దు, ఒకటో తరగతి పాప అక్క కనిపించకపోతే ఏడుస్తుంది'. కారణం లేని సీట్లు సార్ ఇష్టం. ఇలా రాస్తే ఏవి మార్చవచ్చో, ఏవి మార్చకూడదో ఆయనకు తెలుస్తుంది.

కొత్త టీచర్ వస్తే పిల్లలు సరదాకి సీట్లు మార్చుకుంటారు. అది పట్టుకునే ఉపాయం పక్క మండలంలో పనిచేసే ఒక మేడమ్ ఫోన్లో చెప్పారు. మొదటి పనిగా అందరినీ పలక మీద తమ పేరు రాసి పైకెత్తమనాలి. సార్ ప్లాన్‌తో సరిచూసుకుంటారు, హాజరు కూడా అయిపోతుంది. ఒకటో తరగతిలో ఎవరు పేరు రాయగలరో, ఎవరు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతారో మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది.

ఇక పనులు. కొత్త పాఠం ఒక్కటీ పెట్టలేదు. పిల్లలకు బాగా వచ్చినవే, కాస్త మార్చి పెట్టాం. రెండో తరగతికి గుణింతాలతో పదాలు కూర్చడం, బొమ్మ చూసి మూడు వాక్యాలు చెప్పడం, ఒకట్లు కలిపితే తొమ్మిది దాటని కూడికలు. 23కి 14 ఉంటుంది గానీ 27కి 14 ఉండదు. ఈ వయసు పిల్లలు ఒక పని మీద పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు నిలుస్తారు. కాబట్టి గంటకు మూడు చిన్న పనులు. ఒక్కో రోజుది ఒక్కో బ్రౌన్ కవర్లో, మూడు రోజులకు సరిపడా. నాలుగో రోజుకి సార్‌కి పిల్లలు తెలిసిపోతారు. అక్కడి నుంచి పుస్తకం ప్రకారం ఆయన చెప్పుకోగలరు. ఎక్కడి వరకు అయిందో పేజీ నంబర్లు రాసి ఇచ్చాను.

ఒక పని పూర్తిగా చెబుతాను. రెండో తరగతిలో ఇద్దరిద్దరికి ఒక చింతగింజల డబ్బా. ఒకరు దోసెడు తీస్తారు, ఎన్ని ఉంటాయో ఇద్దరూ అంచనా వేసి పలక మీద రాస్తారు. తర్వాత పదేసి చొప్పున కుప్పలు పెడతారు. మూడు కుప్పలు అయ్యి ఏడు మిగిలితే, మూడు పదులు, ఏడు ఒకట్లు, 37 అని అంచనా పక్కనే రాస్తారు. తొందరగా అయినవాళ్లు పక్క జట్టు గింజలు కూడా కలిపి మొత్తం చెప్పాలి. రానివాళ్లకు కుప్ప ఐదింటికి తగ్గించమని రాశాను. సరిగా అర్థం కాలేదని ఎలా తెలుస్తుందంటే, పలక మీద 307 అని కనిపిస్తుంది. అప్పుడు దిద్దకుండా కుప్పలు మళ్లీ చూపించమంటే చాలు. డబ్బా మూత మీద '50' అని రాసి ఉంటుంది, లెక్కపెట్టి మూసిన జట్టే ముందు బయటికి వెళుతుంది. ఒకటో తరగతికి మాత్రం గింజలు ఇవ్వొద్దని ఆ పక్క మండలం మేడమే హెచ్చరించారు. ఆ వయసులో ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు. వాళ్లకు సీసా మూతలు ఇరవై చొప్పున పెట్టాం.

ఫైలు పూర్తయ్యాక, చుట్టుపక్కల బడులకు సాయంగా ఉండే మా క్లస్టర్ సీఆర్పీ గారు చేసిన మేలు మరిచిపోలేను. నా సెలవు మొదలవక ముందే ఒక ఉదయం ఆయన వచ్చి, నన్ను ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, ఫైలొక్కటే చేతిలో పెట్టుకుని గంటసేపు తరగతి నడిపారు. నన్ను ఏమీ అడగలేదు. బయటికి వచ్చి రెండు చోట్ల గుర్తు పెట్టారు. 'గోల పెరిగితే మామూలుగా చేసేది చెయ్యండి' అన్న వాక్యం కొట్టేసి, మూడు చప్పట్ల తర్వాత కూడా ఆగకపోతే ఏ పాట ఎత్తుకోవాలో రాయమన్నారు. సుద్దముక్కల పెట్టె ఎక్కడుందో రాయలేదని చెప్పారు. కాగితం మీద ఎన్నిసార్లు చదివినా అలాంటివి దొరకవు. గదిలో వాడి చూస్తేనే తెలుస్తాయి.

చివరగా, నా బదులు వచ్చిన సార్‌కి. ఫైలు వెనుక ఖాళీ పేజీలు పెట్టి, ఈ రోజు ఏ పని అయింది, ఏది మిగిలింది, ఎవరి గురించి నాకు చెప్పాలి అని మూడు ప్రశ్నలే రాశాను. ఆయన ఒక్క రోజూ వదలకుండా నింపారు. బొమ్మ చూసి చెప్పే పని రెండో తరగతికి మరీ తేలికైందని, వాక్యాలు చెప్పించే బదులు రాయించానని రాశారు. ఒకటో తరగతిలో ముగ్గురు 6ను, 9ని తిప్పి రాస్తున్నారని పేర్లతో సహా పెట్టారు. గుడ్డు రోజు సిగ్గుపడే పాప రెండోసారి చారు అడిగిందని కూడా. ఆ పేజీలు చూసే నేను ఈ వారం పని మొదలుపెట్టాను. 6, 9 కోసం ఆ ముగ్గురినీ బోర్డుకు దగ్గరగా, రెండో చాప మీదికి మార్చాను, ప్లాన్‌లో పెన్సిల్‌తో దిద్దాను. సార్, మీకు, మేడమ్‌కి, మాస్టారికి, అక్కకి, సీఆర్పీ గారికి, ఫోన్లో ఓపికగా చెప్పిన మేడమ్‌కి నిండు మనసుతో ధన్యవాదాలు. ఫైలు మా బడి బీరువాలో రెండో అరలో ఉంది. చూడాలనుకున్న టీచర్లు ఎప్పుడైనా రావచ్చు, మొదటి పేజీ, పిల్లల పేర్లున్న పేజీలు తీసేసి మిగతాదంతా ఫోటో తీసుకోవచ్చు.