తప్పు బిల్లును డిలీట్ చేయమని చెప్పడమేంటి?

సంపాదకుడు గారికి,

రెండు వారాల కిందట ఆదివారం మీ వ్యాపారం పేజీలో బిల్లింగ్ సలహాలు వచ్చాయి. ‘ఇన్వాయిస్‌లో తప్పు దొర్లితే దాన్ని డిలీట్ చేసి కొత్తది కొట్టుకోండి’ అని అందులో రాశారు. అదే రోజు ఉత్తరం రాద్దామనుకున్నాను. కోపం తగ్గాక రాయడం మంచిదని ఆగాను. తగ్గలేదు.

ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి. మీరు చెప్పిన ఆ పని చేసినవాళ్లు తర్వాత నా టేబుల్ ముందు చేతులు కట్టుకుని నిలబడటం చాలాసార్లు చూశాను. అందులో ఒకటి చెబుతాను. అంకెలు మాత్రం లెక్కకు సులువుగా ఉండేలా మార్చాను.

ఆరో తేదీన 413 నంబరు బిల్లు కొట్టారు. యాభై డబ్బాల కాగితం, డబ్బా వంద చొప్పున ఐదు వేలు, పదో వంతు పన్ను కలిపి 5,500. సరుకు వెళ్లింది. తొమ్మిదో తేదీన కొన్నవాళ్లు ఫోన్ చేసి ఐదు డబ్బాలు తడిసిపోయాయి, వెనక్కి పంపుతున్నాం అన్నారు. అప్పటికి ఇక్కడ బిల్లులు 421 దాకా వచ్చేశాయి. గుమాస్తా కుర్రాడు సరిగ్గా మీ సలహా ప్రకారమే 413ను డిలీట్ చేసి, 422 నంబరుతో నలభై ఐదు డబ్బాలకు కొత్త బిల్లు కొట్టి పంపాడు. పని అయిపోయిందనుకున్నాడు.

ఇక్కడ డిలీట్ కొడితే అవతలివాళ్ల ఫైల్లో ఉన్న కాగితం మాయమవుతుందా? వాళ్ల పుస్తకాల్లో 413 యాభై డబ్బాలతో అలాగే ఉంది. దాని మీద కట్టిన పన్ను వాళ్లు తమ పన్నులోంచి తగ్గించుకున్నారు కూడా. పది రోజులకు 422 చేరితే, అది వేరే సరుకు బిల్లనుకుని దాన్నీ ఎక్కించారు. వాళ్ల లెక్కలో తొంభై ఐదు డబ్బాలు, మన లెక్కలో నలభై ఐదు. వాళ్లు డబ్బు 413 పేరు మీద పంపితే, ఆ నంబరే లేదు కాబట్టి మన దగ్గర దాన్ని ఎక్కడ జమ వేయాలో తెలియలేదు. ఆడిటర్ వచ్చి వరస చూసుకుంటూ 412 తర్వాత 414 దగ్గర ఆగిపోయాడు.

ఆగడా మరి! పుస్తకంలో రాసిన అమ్మకాలు నిజమో కాదో తేల్చడం తేలిక, ఒక్కో బిల్లుకు సరుకు, డబ్బు సరిచూస్తే చాలు. అసలు రాయని అమ్మకాన్ని కనిపెట్టడమే కష్టం. లేనిదాన్ని ఎక్కడని వెతుకుతారు? ఆ వెతుకులాటకు ఉన్న ఆధారాల్లో ముఖ్యమైనది వరస నంబరు. నంబరు ఎగిరిపోయిందంటే, ఒక అమ్మకం జరిగి, డబ్బు చేతికొచ్చి, బిల్లు చింపేశారేమోనన్న అనుమానం ముందుగా వస్తుంది. రెండో బిల్లు బుక్కు పెట్టుకుని దొంగలెక్క నడిపేవాణ్ణి ఈ వరస పట్టుకోలేదు, అది నిజమే. కానీ నిజాయితీగా ఉన్నవాడు తన మాట నిరూపించుకోవడానికి ఇది ఎంతో పనికొస్తుంది. (వరస అంటే ఒకటే వరస ఉండాలని కాదు. శాఖకొకటి పెట్టుకోవచ్చు, ముందు గుర్తు వేరుగా ఉండి ఏ రెండు బిల్లులకూ ఒకే నంబరు పడకుండా ఉంటే చాలు.)

మరి ఆ కుర్రాడు ఏం చేయాల్సింది? 413 జోలికి పోకూడదు. తొమ్మిదో తేదీ వేసి, పాత బిల్లులో ఇంత తగ్గిందని రాసిచ్చే క్రెడిట్ నోట్లకు విడిగా నడిచే వరసలో తర్వాతి నంబరుతో ఒక నోట్ ఇవ్వాలి. అందులో ‘ఆరో తేదీ 413 బిల్లుకు సంబంధించి, తడిసిన ఐదు డబ్బాలు వాపసు’ అని రాసి, సరుకు ఐదు వందలు, పన్ను యాభై, మొత్తం 550 చూపాలి. అంతే. 5,500లో 550 పోతే 4,950. కొన్నవాళ్లూ అదే నోట్ ఎక్కించుకుని, తగ్గించుకున్న పన్నులో యాభై వెనక్కి వేసుకుంటారు. రెండు పుస్తకాలూ కలుస్తాయి. మొదట ఎంతకు అమ్మారు, తర్వాత ఎంత తగ్గింది, ఎప్పుడు, ఎందుకు అన్నది రెండేళ్ల తర్వాత చూసినవాడికీ తెలుస్తుంది. మధ్యలో నెల మారిపోయి, పన్ను లెక్క అప్పటికే దాఖలు చేసేసి ఉంటే డిలీట్ ఇంకా ప్రమాదం. దాఖలు చేసిన కాగితంలో ఒక అంకె, మన పుస్తకంలో ఇంకో అంకె!

ఇక నంబర్ల వరసలో పడే ఖాళీలన్నీ మనుషుల పాపమే అన్నట్టు మీ వ్యాసం చివర రాశారు. అదీ తప్పే. బిల్లు బుక్కుల రోజుల్లో తప్పు పడితే అన్ని కాపీలూ బుక్కులోనే ఉంచి అడ్డంగా ‘రద్దు’ అని రాసేవాళ్లం, నంబరు ఎక్కడికీ పోయేది కాదు. కంప్యూటర్లో ‘కొత్త బిల్లు’ నొక్కగానే నంబరు ఇచ్చేసే సాఫ్ట్‌వేర్లున్నాయి. ఒకరు 418 తీసుకున్నారు, పక్క కౌంటర్లో ఇంకొకరికి 419 వచ్చింది. మొదటివారి కరెంటు పోయి బిల్లు సేవ్ కాలేదు. 418 గల్లంతు. చాలా డేటాబేసులు ఒకసారి ఇచ్చిన నంబరును వెనక్కి తీసుకోవు, తీసుకోవాలంటే మిగతావాళ్లందరినీ ఆపాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనైతే, మెషీన్ హఠాత్తుగా ఆగి మళ్లీ లేచినప్పుడు నంబరు ఒక్కసారిగా వెయ్యి దూకిన సందర్భాలున్నాయి. ముందే కొన్ని నంబర్లు తీసి పక్కన పెట్టుకోవడం దాని అలవాటు. అలాంటి నంబరును నేరుగా ఇన్వాయిస్ మీద అచ్చేయడం ప్రోగ్రామ్ రాసినవాళ్ల బద్ధకం. చిత్తు బిల్లుకు నంబరే ఉండకూడదు. ఖాయం చేసే క్షణంలో నంబరు తీయడం, బిల్లు సేవ్ చేయడం ఒకే దెబ్బకు జరగాలి, ఒకటి విఫలమైతే రెండోదీ వెనక్కి పోవాలి. ఆ క్షణం పక్క కౌంటరువాళ్లు రెప్పపాటు ఆగాలి, దానికేం టెన్షన్?

అయినా ఖాళీ పడిందే అనుకోండి. 418 ఎప్పుడు, ఎందుకు పోయిందో ఆ రోజే రిజిస్టర్లో రాసి సంతకం పెట్టుకోవాలి. తర్వాతెప్పుడో ఇరవయ్యో తేదీ అమ్మకాన్ని ఆ నంబరులో ఇరికించకూడదు. ఎనిమిదో తేదీ బిల్లుల మధ్య ఇరవయ్యో తేదీ బిల్లు కనపడితే ఖాళీ కన్నా అదే పెద్ద అనుమానం.

అధికారుల సంగతి వేరే చెప్పాలా? ‘413 ఎక్కడ, వారంలోగా జవాబివ్వండి’ అని నోటీసు వస్తుంది. జవాబిస్తే ఫైల్లో పడుతుంది. అధికారి మారగానే అదే ప్రశ్న మళ్లీ మొదటి నుంచి! ఒకసారి అలాంటి జవాబు తీసుకుని నాకొక రశీదు ఇచ్చారు. నంబర్ల గురించి అన్ని పేజీల నోటీసు ఇచ్చిన ఆఫీసు కదా అని తిప్పి చూశాను. రశీదు మీద నంబరే లేదు.

దయచేసి ఆ వ్యాసానికి సవరణ వేయండి. మీరు పాత ఆదివారం పేపర్లను ఇంటింటికీ తిరిగి వెనక్కి తెచ్చుకోరు కదా. ఫలానా తేదీ, ఫలానా పేజీ, ఫలానా వాక్యం తప్పు అని కొత్త సంచికలో అచ్చేస్తారు. క్రెడిట్ నోట్ చేసేదీ అచ్చం అదే పని. మీ సలహాల రచయితకు అలా చెబితే అర్థమవుతుందేమో.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అకౌంటెంట్