టమాటా కాయ అడుగున నల్లమచ్చ

ఒంగోలు,
ఫిబ్రవరి 9

ఒరేయ్ రమణా,

మీ మిద్దె మీద సంచుల్లో వేసిన టమాటాల ఫొటోలు పంపావు కదా, చూశా. కాయ తొడిమ వైపు పచ్చగా నిగనిగలాడతా ఉంది. కింద, పువ్వు రాలిన చోట మాత్రం రూపాయి బిళ్లంత నల్లమచ్చ, లోపలికి అణిగిపోయి తోలు మాదిరి ఎండిపోయింది. ఇది తెగులు కాదురా. పురుగూ కాదు, పక్క మొక్కకి అంటుకునేదీ కాదు. దీన్ని బ్లాసమ్ ఎండ్ రాట్ అంటారు. మందుల కొట్లో ఇచ్చిన ఆ తెగులు మందు ఎన్నిసార్లు కొట్టినా దీనికి పని చెయ్యదు, ఆపెయ్.

ఇంకోసారి అనుమానం వస్తే మచ్చ ఎక్కడుందో చూడు. తొడిమకి సరిగ్గా ఎదురు కొసన, కాయ ఇంకా పచ్చిగా ఉండగానే, మొదట నీరు పట్టినట్టు లేత గోధుమరంగులో మొదలై తర్వాత నల్లబడితే అది ఇదే. ఎండ తగిలే పక్కన తెల్లగా పొక్కినట్టుంటే ఎండదెబ్బ. బెజ్జం ఉంటే కాయతొలుచు పురుగు. మచ్చ వచ్చిన కాయ మళ్లీ బాగుపడదు, కోసెయ్. కుళ్లు లోపలికి పాకకపోతే నల్లటి భాగం తీసేసి మిగిలింది పచ్చట్లోకి వాడుకోవచ్చు, భయమేం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. కాయ కొసకి కాల్షియం అందకపోతే అక్కడి కణాలు గట్టిపడక విరిగిపోతాయి, అదే ఆ నలుపు. అందలేదంటే మట్టిలో లేదని కాదు. కాల్షియం సొంతంగా కదలదు, వేరు పీల్చిన నీళ్లతో పాటే పైకి ఎక్కాలి. ఆకుల నుంచి నీరు ఆవిరవుతా ఉంటే ఆ లాగుడుకి నీళ్లూ కాల్షియమూ ఆకుల వైపే పోతాయి. కాయ తోలు మైనం పూసినట్టుంటుంది, దాన్నుంచి ఆవిరి పెద్దగా పోదు, కాబట్టి దాని వాటా ఎప్పుడూ తక్కువే. అందులోనూ పువ్వు రాలిన కొస అన్నిటికంటే చివర. ఒకసారి ఆకులో చేరిన కాల్షియం మళ్లీ కాయకి తిరిగి రాదు. నీళ్లు తగ్గిన రోజు ముందు ఎండగట్టేది ఆ కొసనే.

నీ ఉత్తరంలోనే జవాబు ఉంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున ఒక మగ్గు, శని ఆదివారాలు నువ్వు అల్లూరు పోతే నీళ్లే లేవు, సోమవారం రాగానే సంచికి అర బకెట్టు. నీ సంచులు పన్నెండు అంగుళాల వెడల్పు, పన్నెండు ఎత్తు. పైన రెండంగుళాలు వదిలి నింపితే అందులో పట్టేది 18 లీటర్ల మిశ్రమం. బాగా తడిపినా అందులో మొక్క సులువుగా తీసుకోగలిగిన నీళ్లు సుమారుగా నాలుగు లీటర్లు. నాలుగడుగులు పెరిగి, నాలుగైదు కొమ్మలేసుకుని, కాయ మీదున్న మొక్క ఈ నెల ఎండకి, మీ కావలి సముద్రపు గాలికి రోజుకి రెండు లీటర్లు అవలీలగా తాగేస్తుంది. అంటే శనివారం సాయంత్రానికే కరువు మొదలు. ఆదివారమంతా గోలీకాయంత కాయలు ఎండగట్టుకున్నాయి. సోమవారం నువ్వు ఎంత పోసినా ఆ కాయలకి జరగాల్సింది జరిగిపోయింది. పిందె కట్టాక మొదటి రెండు వారాలే దీనికి చిక్కే సమయం, మచ్చ కంటికి కనపడేది తర్వాత. కాబట్టి ఈ రోజు చూసిన మచ్చకి కారణం నిన్నటి నీళ్లలో వెతకొద్దు. రేపటి నుంచి నీళ్లు సరిచేసినా ఇంకో పది పదిహేను రోజులు మచ్చకాయలు వస్తానే ఉంటాయి, పద్ధతి పనిచెయ్యలేదని మళ్లీ మార్చబాకు.

ఇంకొక మాయ ఉంది, కోకోపీట్ మాయ. నీ మిశ్రమంలో సగం ఆ కొబ్బరి పీచు పొడేనన్నావు. కోకోపీట్ ఒకసారి పూర్తిగా ఎండితే వెంటనే నీరు పట్టదు, ముద్దంతా సంచి గోడ నుంచి విడివడి చుట్టూ సందు ఏర్పడుతుంది. అర బకెట్టు పోస్తే ఆ సందులోంచి జారి అడుగు బెజ్జాల్లోంచి బయటికి వచ్చేస్తుంది. కింద నీళ్లు కారుతున్నాయి కదా, తడిసిందిలే అనుకుంటావు. నడుమ వేర్ల దగ్గర మాత్రం పొడిగానే ఉంటుంది. సోమవారం వచ్చాక ఒక సన్నటి వెదురు పుల్ల మధ్యలో ఆరంగుళాలు గుచ్చి తీసి చూడు. పుల్లకి తడి అంటకపోతే అదే జరిగిందన్నమాట. అప్పుడు చెయ్యాల్సింది, ముందు అర లీటరు చుట్టూ నెమ్మదిగా పోసి పది నిమిషాలు ఆగు, మళ్లీ ఒక లీటరు, మళ్లీ ఆగి ఇంకో లీటరు. సందుని వేలితో లోపలికి నొక్కి పూడ్చు. నీళ్లు అడుగున సన్నగా చెమర్చేదాకా పోస్తే చాలు, కాలవలు కట్టనక్కర్లేదు.

ఇక రోజువారీ సంగతి. పొద్దున ఏడు లోపల లీటరున్నర, సాయంత్రం నాలుగు తర్వాత ఒక లీటరు, ఇది ఫిబ్రవరికి. మార్చి మూడో వారం నుంచి రెండు పూటలా లీటరున్నర. మబ్బు రోజున, జల్లు పడిన రోజున పుల్ల గుచ్చి చూసి సగానికి తగ్గించు. ఎక్కువైనా ముప్పే, నానిపోయిన వేరు గాలి అందక నీళ్లు పీల్చదు, కాయకి అదీ కరువుతో సమానమే. సంచుల కింద రెండేసి ఇటుకలు పెట్టు, నీరు దిగిపోతుంది, శ్లాబు వేడీ తగలదు. పైన రెండంగుళాల మందాన వేరుశనగ పొట్టు పరువు. మన పక్క దానికి కరువేముంది.

శని ఆదివారాలకి డ్రిప్పు తప్పదురా. సంచికి గంటకి నాలుగు లీటర్ల డ్రిప్పర్ ఒకటి, ట్యాంకు కుళాయికి టైమర్. కొనేటప్పుడు తక్కువ ఒత్తిడిలో కూడా తెరుచుకునే, లోపల బాల్ వాల్వు ఉన్న టైమరే అడిగి తీసుకో. మోటారు ఒత్తిడికి చేసినవి మిద్దె మీది ట్యాంకు నీళ్లకి తెరుచుకోక మొరాయిస్తాయి. డ్రిప్పర్ మీద రాసిన నాలుగు లీటర్లూ నమ్మబాకు, ట్యాంకు ఎత్తు తక్కువైతే సగమే పడొచ్చు. ఒక్కో డ్రిప్పర్ కింద ఖాళీ సీసా పెట్టి పావుగంట తర్వాత కొలువు. అర లీటరు పడితే పొద్దునకి ముప్పావుగంట, సాయంత్రానికి అరగంట పెట్టుకో.

పిలకల గురించి అడిగావు. దానికీ ఈ నల్లమచ్చకీ సంబంధం ఉంది. ఆకు కాడ కాండాన్ని కలిసే చంకలో మొలిచేది పిలక. పూగుత్తి చంకలో రాదు, రెండు ఆకుల నడుమ కాండం మీంచే వస్తుంది, ఇది గుర్తుంటే పూతని గిల్లేసే ప్రమాదం లేదు. వదిలేసిన ప్రతి పిలకా ఒక కొత్త కాండమై, దాని ఆకులు అదే 18 లీటర్ల సంచిలోంచి నీళ్లు లాగుతాయి. నీ మొక్కకి ఐదు కాండాలున్నాయి, ఆ సంచి రెండిటికి మించి పోషించలేదు. నడి కాండాన్నీ, మొదటి పూగుత్తికి సరిగ్గా కింద ఉన్న పిలకనీ ఉంచు. మిగతావి వేలెడు పొడవు లోపల ఉండగానే పొద్దుటిపూట బొటనవేలితో పక్కకి వంచితే టక్కున విరిగొస్తాయి. ముదిరిన మూడూ మాత్రం ఒకే రోజు తియ్యబాకు. నీడ పోయి కాయలకి ఎండదెబ్బ తగులుతుంది. వారానికి ఒకటి చొప్పున తియ్, అదీ మొదలంటా కాకుండా రెండు ఆకులు వదిలి కొస తుంచు, ఆ ఆకులు కాయకి గొడుగు పడతాయి.

చెయ్యి పెట్టే ముందు సబ్బుతో కడుక్కో. పొగాకు ఆకు పట్టుకున్న చేతులతో, చుట్టా సిగరెట్టూ తాగిన వేళ్లతో పిలక గిల్లితే మొజాయిక్ వైరస్ ఆ గాయంలోంచి ఎక్కుతుంది. టమాటా, పొగాకు ఒకే కుటుంబపు మొక్కలు కదా. పొగాకు పండే మన పక్క ఈ మాట ఊరికే చెప్పడం లేదు.

అయితే ఈ పిలకలు తీసేదంతా పైకి పాకే రకాలకే. నువ్వు వేసిన పూసా రూబీ అట్టాంటిదే. పక్కన వేసిన పీకేఎం-1 పొట్టి రకం, కొంతదాకా పెరిగి పూతతో ఆగిపోతుంది. దానికి పిలక తీస్తే కాపు తీసినట్టే. మొదటి గుత్తి కింద మట్టికి తగిలే ఆకులు మాత్రం తియ్.

ఊతకర్ర గురించి కొంచెమే రాస్తా. ఆరడుగుల సరుగుడు కర్ర చాలు, ఊళ్లో దొరికేదే. నాటే రోజునే సంచి అడుగు దాకా దించాలి, ఇప్పుడు గుచ్చితే వేర్లు తెగుతాయి. నువ్వు ఇప్పటికే ఆలస్యం చేశావు కాబట్టి కర్రని సంచి బయట నిలబెట్టి పిట్టగోడకి కట్టు. మెత్తటి సంచిలో ఒంటికర్ర నిలవదు, గాలికి ఊగినప్పుడల్లా మొక్క మొదలు కదిలి సన్నటి వేర్లు తెగుతాయి, నీళ్లు పీల్చేవి అవే. వరసలో ఉన్న కర్రలన్నిటికీ నాలుగడుగుల ఎత్తున ఒక అడ్డకర్ర కట్టేస్తే ఏదీ ఊగదు. కాండాన్ని పాత చీర పీలికతో ఎనిమిది అంకె ఆకారంలో కట్టు, కాండం చుట్టూ వేలు దూరేంత వదులు ఉండాలి. పూగుత్తి కిందే కట్టు, పైన కడితే బరువుకి గుత్తి ముడికి ఒరుసుకుంటుంది.

చెల్లెమ్మ గుడ్డు పెంకులు వేస్తోందన్నావు. వేస్తే వెయ్యనీ, నష్టం లేదు, అవి కరిగేలోపు ఈ కాపు అయిపోతుంది. ఎప్సమ్ సాల్ట్ మాత్రం ఆపించు. అందులోని మెగ్నీషియం వేరు దగ్గర కాల్షియంతో పోటీ పడుతుంది. యూరియా, పచ్చి కోళ్ల ఎరువు కూడా అంతే, ఆకు గుబురు పెంచి కాయ వాటా కాజేస్తాయి. నీళ్లు సరిచేశాక కావాలంటే కాల్షియం నైట్రేట్ లీటరుకి రెండు గ్రాములు కలిపి, సంచికి ఒక లీటరు చొప్పున, పది రోజులకోసారి రెండు మూడు తడవలు పొయ్యి. వేరే ఎరువుతో కలపబాకు, అడుగున తెల్లగా పేరుకుంటుంది. మీ బోరు నీళ్లు నోటికి ఉప్పగా తగిలితే అవి పొయ్యొద్దు. ఉప్పు వేరుని నీళ్లు తాగనివ్వదు. మునిసిపాలిటీ నీళ్లే పొయ్యి.

వచ్చే ఏడు సంచి పదిహేనుకి పదిహేను తీసుకో. మూడంగుళాలే తేడా, పట్టేది 37 లీటర్లు, రెట్టింపు. కోకోపీట్ ముందు రెండు మూడు సార్లు మంచినీళ్లలో నానబెట్టి పిండు, దాన్లో ఉప్పు ఉంటుంది. ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్టు మూడూ సమానంగా చాలు.

ఏప్రిల్ దాటాక పగలు 35 డిగ్రీలు మించి, రాత్రీ చల్లబడకపోతే పూత రాలిపోతుంది. అది నీళ్ల తప్పు కాదు, అప్పుడు ఇంకా ఇంకా పొయ్యబాకు. సోమవారం పుల్ల గుచ్చి చూసి తడి ఎన్ని అంగుళాల దాకా అంటిందో రాయి, డ్రిప్పర్ కొలతలు కూడా.

నీ
శీను