సంతాపం ఐదు వాక్యాల్లో

అమ్మలూ,

నువ్వు పంపిన డ్రాఫ్టు చదివాను. మీ టీములో ఒకాయన తండ్రి పోయారనీ, ఆఫీసు గ్రూపులో అందరి తరఫునా రాసే పని నీ మీద పడిందనీ అన్నావు. పోస్ట్ చేసేముందు ఒక్కసారి నాతో పాటు మళ్లీ చదువు. నువ్వు రాసింది ఇదీ:

"ఫలానా గారి తండ్రి అకాల మరణం గురించి విని దిగ్భ్రాంతికి గురయ్యాము. దీర్ఘకాలంగా కిడ్నీ వ్యాధితో బాధపడుతూ నిన్న రాత్రి పరమపదించారు. ఆయన లేకపోవడం తీరని లోటు. భగవంతుడు మీకు మనోధైర్యం ప్రసాదించాలని ప్రార్థిస్తున్నాము. ఏ సహాయం కావాలన్నా సంకోచించకుండా అడగండి."

మాటలు తర్వాత చూద్దాం. ముందు తేల్చుకోవలసింది, ఈ ఉత్తరం ఎవరికి అన్నది. మొదటి వాక్యంలో "ఫలానా గారి తండ్రి" అని ఊరందరికీ చెబుతున్నావు, నాలుగో వాక్యానికి వచ్చేసరికి "మీకు" అని ఆయనతోనే మాట్లాడుతున్నావు. ఆయన ఆ గ్రూపులో ఉన్నారు కాబట్టి రేపో ఎల్లుండో తప్పక చదువుతారు. తన ఎదుటే తన గురించి పక్కవాళ్లకు చెబుతున్నట్టు ఉంటుంది. అందుకని మొదటి నుంచీ ఆయనతోనే మాట్లాడు. ఆయన లేని గ్రూపైతే మొత్తం "ఫలానా గారు", "వారి నాన్నగారు" అని నడిపించు. రెండూ కలపకు.

అసలు ఆ వార్త గ్రూపులో చెప్పడం ఆయనకు సమ్మతమేనా? మేనేజర్‌కు ఫోన్లో చెప్పినంత మాత్రాన అందరికీ చెప్పమన్నట్టు కాదు. కొందరు దగ్గరి బంధువులకు కబురు అందేదాకా బయటికి పొక్కనివ్వరు. ఆయనను ఇప్పుడు కదిలించలేవు కాబట్టి మేనేజర్‌ని అడుగు: "గ్రూపులో పెట్టమన్నారా, పెడతామని మనమే అనుకున్నామా?" రెండోదైతే, ఆయన సెలవు మెసేజ్ పెట్టేవరకూ ఆగి, ఈలోగా ఆయనకు విడిగా రెండు ముక్కలు పంపు.

ఇక మాటలు. "అకాల మరణం" అంటే రాకూడని వయసులో వచ్చిన చావు. వాళ్ల నాన్నగారికి డెబ్బై ఎనిమిదేళ్లని నువ్వే చెప్పావు, పైగా చాలాకాలంగా మంచాన ఉన్నారు. అలాంటప్పుడు అకాలం అన్న మాట పొసగదు, దిగ్భ్రాంతీ పొసగదు. ఇంట్లోవాళ్లు నెలల తరబడి ఆ రోజు కోసం గుండె దిటవు చేసుకుంటూ ఉంటే మనం ఉలిక్కిపడ్డామని రాయడం అబద్ధంలా ఉంటుంది. అలాగని "పెద్ద వయసే కదా", "బాధ నుంచి విముక్తి దొరికింది" అనే వైపు పోకు. ఆ మాట అనే హక్కు కొడుకుది, మనది కాదు.

జబ్బు పేరు పూర్తిగా తీసేయి. ఎలా పోయారన్నది ఆ ఇంటి విషయం. నువ్వు ఒక్క మాట రాస్తే కింద ఎవరో ఒకరు "ఎప్పటి నుంచి? డయాలసిస్ చేయించారా?" అని మొదలుపెడతారు.

"పరమపదించారు" అన్న మాటకు వైష్ణవ వాసన ఉంది, "శివైక్యం" అంటే ఇంకోటి. ఆ కుటుంబం ఏది నమ్ముతుందో, అసలు నమ్ముతుందో లేదో నీకు తెలియదు. "కన్నుమూశారు" ఎవరికైనా సరిపోతుంది. భగవంతుణ్ణి ప్రార్థించే వాక్యాన్నీ అందుకే వదిలేయమంటున్నాను. "నిన్న రాత్రి" అని కూడా రాయకు, గ్రూపు మెసేజ్ కొందరు మూడో రోజున తెరుస్తారు. వారం పేరు రాస్తే ఎప్పుడు చదివినా తేడా రాదు.

"తీరని లోటు" మీద నాకు పెద్ద కోపమేమీ లేదు గానీ, అది సభల్లో అరిగిపోయిన మాట. దాని స్థానంలో ఆ మనిషికే చెందిన ఒక్క వాక్యం దొరికితే చాలు. రేడియో బాగుచేయడం నాన్న దగ్గరే నేర్చుకున్నానని ఆయన మీ అందరి ముందూ చెప్పేవారన్నావు చూడు, అదే రాయి. అందరి ముందు చెప్పిన సంగతి కాబట్టి రాయవచ్చు. నీ ఒక్కదానితో చెప్పుకున్నదైతే రాయకూడదు. అలాంటిదేదీ తెలియకపోతే ఆ వాక్యం లేకుండానే వదిలేయి. చూడని మనిషిని "ఎంతో మంచివారు" అనడం కంటే ఊరుకోవడం నయం.

చివరి వాక్యం వినడానికి బాగానే ఉంటుంది, కానీ ఏం కావాలో ఆలోచించి, ఎవరిని అడగాలో చూసుకుని, నోరు తెరిచి అడిగే పని ఆయన మీదే పెడుతుంది. మీరు చేయబోయేది చెప్పండి. ఆయన పనులు ఎవరెవరు చూస్తారో ముందే పంచుకోండి, అది జరిగాకే ఆ వాక్యం రాయి. పంచుకోకుండా రాస్తే నాలుగో రోజున ఎవరో ఒకరు ఫైలు ఎక్కడుందని ఆయనకు ఫోన్ చేస్తారు. ఏ పని ఎవరికి అన్న వివరాలు మాత్రం వేరే మెసేజ్‌లో పెట్టు, సంతాపం కింద పనుల జాబితా వద్దు.

ఇవన్నీ సర్దితే ఇలా వస్తుంది:

"ఫలానా గారూ, మీ నాన్నగారు మంగళవారం కన్నుమూశారని తెలిసి చాలా బాధపడ్డాం. రేడియో బాగుచేయడం ఆయన దగ్గరే నేర్చుకున్నానని మీరు చెప్పిన సంగతి మాకందరికీ గుర్తుంది. మీకూ, మీ అమ్మగారికీ, కుటుంబ సభ్యులందరికీ మా ప్రగాఢ సానుభూతి. మీ పనులు మేం పంచుకున్నాం, వాటి గురించి ఆలోచన పెట్టుకోకండి. దీనికి జవాబు రాయనక్కర్లేదు."

అమ్మగారి ప్రస్తావన రాసేముందు ఆవిడ ఉన్నారో లేదో కనుక్కో. ఇక్కడ పొరపడితే దిద్దుకోవడం కష్టం. "హృదయపూర్వక" అని మాత్రం పెట్టకు, మన చెవికి ఆ మాట వెనకాలే శుభాకాంక్షలు వినిపిస్తాయి. "ప్రగాఢ"లో గ మామూలు గ, ఢ ఒత్తుది. చాలామంది తిరగేసి "ప్రఘాడ" అని రాస్తారు.

పాత సంతాప సందేశాన్ని కాపీ చేసి పేరు మార్చే అలవాటు మీ ఆఫీసులో ఉందన్నావు. అందులో పేరు ఎలాగూ మారుస్తారు, మిగిలిపోయేవి చిన్న మాటలు: నాన్నగారు ఉండవలసిన చోట అమ్మగారు, "ఆయన" బదులు "ఆవిడ". పంపేముందు ఆ మాటల మీదే వేలు పెట్టి చదువు. అమ్మగారి విషయంలో ఇంకోటి ఉంది. మాట్లాడేటప్పుడు "వాళ్లమ్మ చనిపోయింది" అంటాం, అది తప్పూ కాదు. కానీ రాతలో "అమ్మగారు కన్నుమూశారు" అనే ఉండాలి.

ఫోటో వాళ్లు ఇస్తే పెట్టు, ఆయన ప్రొఫైల్లోంచి నువ్వు తీసి పెట్టకు. మెసేజ్ పెట్టాక ఆ రోజుకు గ్రూపులో పుట్టినరోజు కేకులూ జోకులూ రాకుండా ఒకరిద్దరికి విడిగా చెప్పు.

ఆయన తిరిగి వచ్చిన రోజున గ్రూపులో మళ్లీ ఏమీ రాయొద్దు. సీటు దగ్గరికి వెళ్లి "నాన్నగారి గురించి విని బాధగా అనిపించిందండీ" అను, ఆయన మాట్లాడితే విను. మాట్లాడకపోతే పని సంగతి ఎత్తు.

నాన్న