రెండేళ్ల బీటెక్ చదువును సున్నాగా లెక్కించకండి

తెలంగాణ ఉన్నత విద్యామండలి చైర్మన్ గారికి,

నమస్కారం. నేను డిగ్రీ కళాశాలలో గణితం బోధించే అధ్యాపకురాలిని. ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి మా దగ్గర మొదటి సంవత్సరంలో చేరే పిల్లలు దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఇంటర్ ముగించి నేరుగా వచ్చిన వారి పక్కన, వాళ్లకంటే రెండేళ్లు పెద్దవాళ్లు కూర్చుని, ఎప్పుడో పాసైన అవకలనాన్ని మళ్లీ మొదటి పాఠం నుంచి వింటారు. ఈ రెండేళ్లూ ఎక్కడ పోతున్నాయో మీ ముందు పెట్టడానికే ఈ లేఖ రాస్తున్నాను.

చివరి విడత కౌన్సెలింగ్‌లో సివిల్ సీటు వచ్చిన విద్యార్థిని ఉదాహరణగా తీసుకుందాం. నాలుగు సెమిస్టర్లూ ఒక్క బ్యాక్‌లాగ్ లేకుండా పాసయ్యాడు. కానీ తనకు గణాంకశాస్త్రం మీద ఇష్టమని, నిర్మాణరంగం తనకు పడదని రెండో ఏడాది చివరికి తేలిపోయింది. కళాశాలలోనే మరో బ్రాంచికి మారే దారి అతనికి లేదు. ప్రవేశాల ప్రక్రియ ముగిశాక బ్రాంచి మార్పిడి ఉండదని జేఎన్‌టీయూహెచ్ నిబంధనలు స్పష్టంగా చెబుతాయి. ఈ నిబంధన ఎందుకు పెట్టారో నాకు అర్థమవుతుంది. మార్పిడికి తలుపు తెరిస్తే అందరూ కంప్యూటర్ సైన్స్ వైపే నడుస్తారు, కౌన్సెలింగ్‌లో ర్యాంకుకు విలువ ఉండదు. కాబట్టి ఆ తలుపు తెరవమని నేను అడగడం లేదు. బీఎస్సీకి వచ్చేవాడు ఎవరి ర్యాంకునూ దాటి రావడం లేదు, ఎవరి సీటునూ తీసుకోవడం లేదు.

అతను డిగ్రీ కళాశాలల ఆన్‌లైన్ ప్రవేశాల వేదిక దోస్త్‌లో దరఖాస్తు చేస్తాడు. దోస్త్‌లో ఉన్నది మొదటి సంవత్సరం ప్రవేశం ఒక్కటే. గణితం, గణాంకం, కంప్యూటర్ సైన్స్ కాంబినేషన్‌లో సీటు వస్తుంది. ఇక ఇప్పటికే చదివినదాన్నీ, మళ్లీ చదవబోయేదాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. జేఎన్‌టీయూహెచ్ ఆర్22 నిబంధనల కింద బీటెక్ మొదటి ఏడాదిలో ‘మాట్రిసెస్ అండ్ కాల్క్యులస్’, ఆ తర్వాత అవకలన సమీకరణాలు, వెక్టర్ కాల్క్యులస్ ఉంటాయి. ఉస్మానియా 2019 బీఎస్సీ గణితం సిలబస్‌లో మొదటి సెమిస్టర్ పేపరు ‘డిఫరెన్షియల్ అండ్ ఇంటిగ్రల్ కాల్క్యులస్’, రెండోది ‘డిఫరెన్షియల్ ఈక్వేషన్స్’. రెండింటిలోనూ అతను చదవని భాగం కొంత ఉండవచ్చు గానీ, ఏడాది పాటు కూర్చోబెట్టి చెప్పవలసినంత మాత్రం లేదు. కంప్యూటర్ సైన్స్ మొదటి పేపరు సీ భాష. బీటెక్‌లో అదీ చదివాడు, ల్యాబూ చేశాడు. ఇంగ్లీషు సంగతి చెప్పనక్కర్లేదు.

అయితే అన్నీ సమానమని నేననను. గణితం చెప్పేదానిగా ఈ తేడాను దాచలేను. బీఎస్సీ మూడో సెమిస్టర్‌లో రియల్ అనాలిసిస్ వస్తుంది. అక్కడ లెక్క చేస్తే చాలదు, ఋజువు రాయాలి. ఒక శ్రేణి అభిసరిస్తుందని చెప్పడానికి ఎప్సిలాన్ తీసుకుని నిర్వచనం నుంచి వాదన కట్టుకుంటూ రావాలి. బీటెక్ గణితంలో ఇది అలవాటు కాదు. అక్కడ సూత్రాన్ని ఎక్కడ వాడాలో నేర్పుతారు, సూత్రం ఎందుకు నిజమో చెప్పే సమయం ఉండదు. సెమిస్టర్ మధ్యలో ఈ లోపం ఇట్టే బయటపడుతుంది: సమాధానం సరిగ్గానే వస్తుంది, కారణం అడిగితే కాగితం ఖాళీగా ఉంటుంది. గణాంకంలోనూ ఇంతే. బీటెక్‌లోని సంభావ్యత పేపరు, మా మొదటి ఏడాదిలో రెండు సెమిస్టర్లు, రెండు ప్రాక్టికల్స్‌లో చెప్పే విషయాన్ని పైపైన తాకి వెళ్తుంది. కాబట్టి గణాంకం రెండు పేపర్లూ అతను రాయవలసిందే. సీ తర్వాత వచ్చే సీ ప్లస్ ప్లస్ కూడా చదివి తీరాలి, మూడో సెమిస్టర్‌లో డేటా స్ట్రక్చర్స్‌ను ఆ భాషలోనే చెబుతారు గనుక.

అంటే అతనికి నిజంగా మిగిలిన మొదటి ఏడాది చదువు గణాంకం రెండు పేపర్లు, సీ ప్లస్ ప్లస్, ఋజువులు రాయడం నేర్పే ఒక చిన్న బ్రిడ్జి కోర్సు. వీటిని వేసవిలో కొంత, రెండో సంవత్సరంతో పాటు కొంత పూర్తి చేయించి, నేరుగా మూడో సెమిస్టర్‌లో కూర్చోబెట్టవచ్చు. అలా చేస్తే ఇంటర్ తర్వాత నాలుగేళ్లకు డిగ్రీ చేతికి వస్తుంది. ఇప్పుడు ఐదేళ్లు పడుతోంది. ఆ ఒక్క ఏడాది అంటే మా పిల్లల ఇళ్లల్లో ఏడాది హాస్టల్ ఖర్చు, ఏడాది జీతం.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ఒక సంస్థలో సంపాదించిన క్రెడిట్లను విద్యార్థి ఖాతాలో దాచి మరో సంస్థలో వాడుకోనిచ్చే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలను యూజీసీ 2021లోనే తెచ్చింది. డిగ్రీ ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలని అవి చెబుతాయి. మన విద్యార్థి బయటి నుంచి తెచ్చుకునేవి సగానికి చాలా తక్కువే. లేనిదల్లా ఏ బీటెక్ పేపరు ఏ బీఎస్సీ పేపరుకు సమానమో చెప్పే ఒక పట్టిక. అది లేనందువల్ల ఖాతాలో క్రెడిట్లు ఉన్నా వాటిని ఏ ప్రిన్సిపాలూ తన బాధ్యత మీద ఒప్పుకోలేరు.

డబ్బు సంగతి ఇంకా కష్టం. అతని బీటెక్ ఫీజు ఏడాదికి 90,000 రూపాయలు, రీయింబర్స్‌మెంటు 35,000 అనుకుందాం. రెండేళ్లకు కుటుంబం 1,10,000 కట్టింది. బయటికి వెళ్తానంటే, మిగతా రెండేళ్ల ఫీజు 1,80,000 కూడా కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లమని అడిగిన కళాశాలల గురించి పిల్లలు నాకు చెప్పారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018 నోటిఫికేషన్ చెబుతోంది, ఏఐసీటీఈ కూడా అదే అంటోంది. కానీ దోస్త్ గడువు దగ్గరపడుతుంటే ఫిర్యాదు చేసి ఎదురుచూసే ఓపిక ఏ తండ్రికి ఉంటుంది? అప్పు చేసి కడతాడు.

స్కాలర్‌షిప్ విషయంలో ఒక చిన్న షరతు పెద్ద గొయ్యి అవుతోంది. ఎస్సీ విద్యార్థుల కేంద్ర పోస్ట్ మెట్రిక్ పథకంలో, రాష్ట్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా కోర్సు విషయం గానీ సంస్థ గానీ మార్చుకుంటే స్కాలర్‌షిప్ రద్దు చేయవచ్చని ఉంది. అంటే అనుమతి తీసుకుని మారవచ్చని కూడా దాని అర్థం. ఆ అనుమతిని ఎవరిని అడగాలో, ఏ కాగితం పెట్టాలో మారిన తర్వాత తెలుసుకున్నవాళ్లనే నేను చూశాను. ముందే తెలిసినవాళ్లు నాకు తారసపడలేదు. మూడు కార్యాలయాలకు వెళ్తే మూడు రకాల సమాధానాలు వస్తాయి.

మిమ్మల్ని అడిగేది ఇది. బీటెక్ మొదటి రెండేళ్ల గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు, ప్రోగ్రామింగ్, ఇంగ్లీషు పేపర్లకు డిగ్రీ పేపర్లతో సమానత పట్టికను విశ్వవిద్యాలయాల బోర్డ్స్ ఆఫ్ స్టడీస్‌తో తయారు చేయించండి. ఎక్కడ సమానం కాదో కూడా అందులో రాయించండి. దోస్త్‌లో రెండో సంవత్సరం ప్రవేశానికి ఒక విడత పెట్టండి. ఏటా డిగ్రీ సీట్లు పెద్ద సంఖ్యలో మిగిలిపోతున్నాయి కనుక దీనికి అదనపు సీటు ఒక్కటీ అవసరం లేదు. సంక్షేమ శాఖలతో మాట్లాడి, కోర్సు మార్పు అనుమతి దరఖాస్తును ఆ విడతలోనే భాగం చేయించండి. సర్టిఫికెట్లు ఇవ్వని కళాశాల మీద ఫిర్యాదు ఇచ్చిన విద్యార్థికి, ఆ ఫిర్యాదు రసీదు మీదే తాత్కాలిక ప్రవేశం ఇవ్వనివ్వండి. మార్కుల మెమోల వివరాలు విశ్వవిద్యాలయం దగ్గర ఎలాగూ ఉన్నాయి.

సమానత పట్టికకు గణితం వైపు నుంచి మొదటి ముసాయిదా రాయడానికి నేనూ, నా తోటి అధ్యాపకులూ సిద్ధంగా ఉన్నాం. వచ్చే దోస్త్ నోటిఫికేషన్‌లోపు అది బోర్డుల ముందుకు వెళ్లాలంటే ఈ విద్యా సంవత్సరంలోనే కమిటీ వేయవలసి ఉంటుంది.

గౌరవంతో,
ఒక డిగ్రీ కళాశాల గణిత అధ్యాపకురాలు